పెట్రోల్ కారుకు సీఎన్జీయా, ఎల్పీజీయా: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో గ్యాస్ కిట్లు బిగించే మా వర్క్‌షాపుకు దేవరకొండ నుంచి వచ్చినవారూ, జడ్చర్ల నుంచి వచ్చినవారూ దాదాపు ఒకే సందేహాలు అడుగుతారు. ఆ ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి జవాబులు రాశాము. ఇక్కడున్నదంతా పెట్రోల్ మీద నడిచే చిన్న కార్ల గురించే.

## నిర్ణయానికి ముందు

రెండూ గ్యాసే కదా, సీఎన్జీ సిలిండర్ అంత బరువు, ఎల్పీజీ ట్యాంకు అంత తేలిక ఎందుకు?

సీఎన్జీలో ఉండేది ప్రధానంగా మీథేన్. మీథేన్‌ను ఎంత ఒత్తినా మన వాతావరణపు వేడిలో అది ద్రవంగా మారదు. అలా మారాలంటే ముందుగా దాన్ని మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబరచాలి. కారులో అది సాధ్యం కాదు కాబట్టి మీథేన్‌ను వాయువుగానే ఉంచి 200 బార్ల ఒత్తిడికి కుదించి నింపుతారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు మాత్రమే. దానికి దాదాపు 90 రెట్ల ఒత్తిడిని ఆపాలంటే ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం గల, ఎక్కడా అతుకు లేని ఉక్కు సిలిండర్ కావాలి. అందుకే 60 లీటర్ల సిలిండర్ ఖాళీగానే 60 కిలోల చుట్టుపక్కల తూగుతుంది.

ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఇవి మామూలు ఎండలో కూడా కొద్దిపాటి ఒత్తిడికే ద్రవంగా మారి ట్యాంకు అడుగున నిలుస్తాయి. మిశ్రమంలో ప్రొపేన్ పాలు ఎంత అన్నదాన్ని బట్టి, 40 డిగ్రీల వేడిలో ట్యాంకు లోపలి ఒత్తిడి సుమారు ఎనిమిది బార్ల చుట్టూ ఉంటుంది. దానికి మూడు మిల్లీమీటర్ల రేకును వెల్డింగ్ చేసిన ట్యాంకు చాలు. రెండు ఇంధనాల మధ్య బరువు, ధర, చోటు, మైలేజీ విషయాల్లో కనిపించే తేడాలలో చాలా మటుకు ఈ ఒక్క కారణం నుంచే వస్తాయి.

60 లీటర్ల సిలిండర్ అంటున్నారు, బంకులో మాత్రం కిలోల్లో పోస్తున్నారు. అసలు ఎంత పడుతుంది?

60 లీటర్లు అన్నది సిలిండర్‌లో నీళ్లు నింపితే పట్టే కొలత. అందులో 200 బార్ల దగ్గర, 15 డిగ్రీల వేడిలో, సుమారు పది కిలోల సీఎన్జీ పడుతుంది. వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి అదే ఒత్తిడి దగ్గర తక్కువ బరువు పడుతుంది. సిలిండర్‌లోని గ్యాస్ 45 డిగ్రీల వేడిలో ఉంటే గేజీ అదే 200 చూపినా లోపల ఉండేది ఎనిమిది కిలోల పైచిలుకే. మే నెలలో మిర్యాలగూడ ఎండలో నింపించుకున్నప్పుడు జరిగేది ఇదే.

ఎల్పీజీకి లెక్క వేరు. ద్రవం కాబట్టి లీటర్లలోనే కొలుస్తారు. 60 లీటర్ల ట్యాంకులో 80 శాతం, అంటే 48 లీటర్లు మాత్రమే నింపుతారు. దాని బరువు సుమారు 26 కిలోలు. అంటే ఒకే కొలత గల పాత్రలో ఎల్పీజీ రెండున్నర నుంచి మూడు రెట్ల శక్తిని మోస్తుంది.

వారానికి రెండుసార్లు నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వస్తాను. నాకు ఏది సరిపోతుంది?

లెక్క వేసి చూద్దాం. మీ కారు పెట్రోల్ మీద లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఒక లీటరు ఎల్పీజీలో సుమారు 25, ఒక కిలో సీఎన్జీలో సుమారు 48 ఉంటాయి. ఆ నిష్పత్తిలో ఎల్పీజీ మీద లీటరుకు పన్నెండున్నర కిలోమీటర్లు వస్తాయి. సీఎన్జీ మీద కిలోకు 24 రావాలి గానీ, సిలిండర్ బరువునూ ఇతర నష్టాలనూ తీసేసి 22 అనుకోవడం మంచిది.

వెళ్లడానికి వంద, రావడానికి వంద, నగరంలో తిరగడానికి ముప్పై కలిపి 230 కిలోమీటర్లు అనుకుందాం. ఎండాకాలంలో 60 లీటర్ల సిలిండర్‌లో పడే ఎనిమిది కిలోల పైచిలుకు సీఎన్జీతో 180 కిలోమీటర్ల వరకే పోగలరు. కాబట్టి హైదరాబాద్‌లో ఒకసారి నింపించుకోక తప్పదు. స్టెప్నీ చోట పట్టే 42 లీటర్ల ఎల్పీజీ ట్యాంకులో 33 లీటర్లు పడితే 400 కిలోమీటర్లు దాటి వస్తాయి. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ కూడా ఇంచుమించు ఇంతే దూరం కాబట్టి అక్కడివారికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఖర్చు తేల్చుకోవాలంటే మీ ఊరి బంకులో సీఎన్జీ కిలో ధరను 1.75తో భాగించండి. ఎల్పీజీ లీటరు ధర అంతకంటే తక్కువగా ఉంటేనే కిలోమీటరుకు ఎల్పీజీ చవక. అయితే దేశంలో సీఎన్జీ బంకులు పెరుగుతుండగా ఆటో ఎల్పీజీ బంకులు తగ్గుతూ వచ్చాయి. మీరు రోజూ తిరిగే దారిలో ఎల్పీజీ బంకు లేకపోతే 400 కిలోమీటర్ల ట్యాంకు ఉన్నా దానివల్ల ప్రయోజనం లేదు.

ఎల్పీజీ ట్యాంకు స్టెప్నీ గుంటలో పడుతుందట. సీఎన్జీ సిలిండర్‌కు డిక్కీ అంతా ఎందుకు ఇవ్వాలి?

ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు పాత్రను కొంతవరకు మనకు కావలసిన ఆకారంలో చేయవచ్చు. అందుకే ఎల్పీజీ ట్యాంకును గారె ఆకారంలో, నడుమ బొక్కతో చేసి స్టెప్నీ గుంటలో బిగిస్తారు. 200 బార్ల ఒత్తిడి దగ్గర ఆ వెసులుబాటు లేదు. గుండ్రని గొట్టం, దానికి రెండు వైపులా గుమ్మటంలాంటి కొసలు ఉంటేనే గోడ మీద ఒత్తిడి సమంగా పడుతుంది.

డిక్కీ పోవడం కంటే బరువు గురించి ఎక్కువగా ఆలోచించాలని మా సలహా. సిలిండర్, గ్యాస్, బ్రాకెట్లు కలిపితే 80 కిలోల వరకు వెనుక ఇరుసు మీద పడుతుంది. అంటే ఒక మనిషి ఎప్పుడూ డిక్కీలో కూర్చున్నట్టే. వెనుక సీటులో ముగ్గురు కూర్చుంటే కారు వెనుక భాగం రోడ్డుకు తగులుతుందా అన్నది ముందే పరీక్షించి, పాత స్ప్రింగులు కుంగిపోయి ఉంటే మార్పించుకోవాలి. బ్రాకెట్లను పలుచని రేకుకు కాకుండా గట్టి ఉక్కు పలకలు అడ్డం పెట్టి అండర్‌బాడీకి బోల్టు చేశారా లేదా చూసుకోండి.

## బిగించే సమయంలో

ఇంజిన్ విప్పుతారా? అసలు ఏమేమి మారుస్తారు?

ఇంజిన్‌ను విప్పరు. ఇంజిన్‌లోకి గాలిని పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో మాత్రం ఇంజిన్ ఒక్కో సిలిండర్ దగ్గర ఒక రంధ్రం చేసి గ్యాస్ ఇంజెక్టర్ల గొట్టాలను కలుపుతారు. రంధ్రం చేసేటప్పుడు లోహపు రజను లోపల పడకుండా మానిఫోల్డ్‌ను విప్పి చేసేవారి దగ్గరే పని చేయించుకోండి.

ఇప్పుడు ఎక్కువగా వచ్చే సీక్వెన్షియల్ కిట్ పనిచేసే పద్ధతి రెండు ఇంధనాలకూ ఒక్కటే. పాత్ర నుంచి గ్యాస్ రెడ్యూసర్‌కు వస్తుంది. అక్కడ ఒత్తిడి రెండు బార్ల వరకు దిగి, ఫిల్టర్ గుండా ఇంజెక్టర్లకు చేరుతుంది. పెట్రోల్ ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో కారు కంప్యూటర్ చెబుతుంది. ఆ సంకేతాన్ని గ్యాస్ కంప్యూటర్ మధ్యలో అందుకొని, పెట్రోల్ ఇంజెక్టర్‌ను ఆపేసి, ఆ సమయాన్ని ఒక గుణకంతో హెచ్చించి గ్యాస్ ఇంజెక్టర్‌ను తెరుస్తుంది.

మీథేన్ పెట్రోల్ కంటే నెమ్మదిగా మండుతుంది కాబట్టి సీఎన్జీ కార్లలో స్పార్క్ కొంచెం ముందుగా వచ్చేలా చేసే పరికరాన్ని కూడా పెట్టిస్తే లాగుడు మెరుగుపడుతుంది. ఎల్పీజీకి సాధారణంగా దీని అవసరం పడదు.

రెడ్యూసర్‌కు రేడియేటర్ నీళ్ల పైపులు ఎందుకు కలుపుతారు?

ఇంజిన్ వేడి లేకపోతే రెడ్యూసర్ గడ్డకట్టుకుపోతుంది. కారణం మాత్రం రెండింటికీ వేరు. ఎల్పీజీ ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. స్పిరిట్ చర్మం మీద పడితే చల్లగా తగిలినట్టే, ఆవిరయ్యే ఎల్పీజీ రెడ్యూసర్ నుంచి వేడిని లాగేసుకుంటుంది. సీఎన్జీలో ద్రవం ఉండదు గానీ, 200 బార్ల నుంచి ఒక్కసారిగా ఒత్తిడి దిగేటప్పుడు వాయువు బాగా చల్లబడుతుంది. కిట్ ఉన్న కారు మొదట పెట్రోల్ మీద స్టార్ట్ అయి, కూలెంట్ ముప్పై నలభై డిగ్రీలకు చేరాకనే గ్యాస్‌కు మారడానికి ఇదే కారణం.

కూలెంట్ తగ్గినా, పైపులో గాలి చిక్కుకున్నా రెడ్యూసర్ మీద తెల్లని మంచు కనిపిస్తుంది. నడివేసవిలో కూడా అది కనిపించవచ్చు. అలాంటప్పుడు గ్యాస్ ఆపి పెట్రోల్ మీద నడిపి కూలెంట్ చూసుకోవాలి. రెడ్యూసర్ చెడిపోయిందని కొత్తది కొనేముందు ఈ చిన్న పరీక్ష చేయించుకోండి.

బిగించాక ల్యాప్‌టాప్ పెట్టి అరగంట తిప్పుతున్నారు. అది అంత అవసరమా?

అవసరమే. కిట్ బిగింపులో ఎక్కువగా ఎగవేసేది కూడా ఈ పనినే. గ్యాస్ కంప్యూటర్ వాడే గుణకం ఇంజిన్ వేగాన్ని, ఇంజిన్ మీద పడే భారాన్ని బట్టి మారుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడు మాత్రమే సరిచేసి పంపిస్తే ఖాళీ వేగంలో బాగానే ఉంటుంది గానీ, నార్కట్‌పల్లి దాటి వంద వేగం అందుకోగానే గ్యాస్ చాలక మిశ్రమం పలుచబడుతుంది.

సరైన పద్ధతి ఇది. ముందుగా పెట్రోల్ మీద నడిపి, కారు కంప్యూటర్ మిశ్రమాన్ని ఎంత శాతం సరిదిద్దుకుంటోందో స్కానర్‌లో రాసుకోవాలి. తర్వాత అదే రోడ్డు మీద, అదే గేరులో గ్యాస్ మీద నడిపి అదే అంకెను చూడాలి. పెట్రోల్ మీద ప్లస్ మూడు వచ్చి గ్యాస్ మీద ప్లస్ ఐదు వస్తే మంచి ట్యూనింగ్. గ్యాస్ మీద పదిహేను దాటితే ఆ కారును బయటికి పంపకూడదు. ఈ రెండు అంకెలను బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి సందేహించే వర్క్‌షాపు రోడ్డు మీద పరీక్ష చేయలేదనే అనుకోవచ్చు.

గ్యాస్ మీద పికప్ తగ్గుతుందా?

తగ్గుతుంది. సీఎన్జీ మీద తేడా తెలుస్తుంది, ఎల్పీజీ మీద చాలామందికి తెలియదు. ఇంజిన్ ఒక్కో శ్వాసలో పీల్చే ఘనపరిమాణంలో మీథేన్ దాదాపు తొమ్మిదిన్నర శాతం చోటు ఆక్రమిస్తుంది. ప్రొపేన్ నాలుగు శాతం, పెట్రోల్ ఆవిరి రెండు శాతం లోపే తీసుకుంటాయి. ఇంధనం తీసుకున్న చోటు మేరకు గాలి తగ్గుతుంది, దానితో బలమూ తగ్గుతుంది. ఫ్యాక్టరీ నుంచి సీఎన్జీ కోసమే చేసిన ఇంజిన్లలో కంప్రెషన్ పెంచి ఈ నష్టాన్ని పూడ్చుకోవచ్చు. మీథేన్ ఆక్టేన్ విలువ పెట్రోల్ కంటే చాలా ఎక్కువ కాబట్టి ఇంజిన్ కొట్టుకోదు. పెట్రోల్ మీద కూడా నడవాల్సిన కారులో ఆ అవకాశం లేదు.

పాత ఎల్పీజీ కిట్ ఉంది. దాన్నే సీఎన్జీకి వాడుకోవచ్చా?

కుదరదు. ట్యాంకు 200 బార్ల ఒత్తిడిని తట్టుకునేలా చేసింది కాదు, రాగి పైపులూ అంతే. రెడ్యూసర్, ఇంజెక్టర్ల రంధ్రాలు కూడా వేరు. మిగిలేది కొంత వైరింగ్, స్విచ్, కొన్ని కిట్లలో కంప్యూటర్ మాత్రమే. ఎల్పీజీ ట్యాంకులోకి సీఎన్జీ నింపే ప్రయత్నం ప్రాణాంతకం.

ఆర్సీలో మార్పించకపోతే ఏమవుతుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంధనం మార్పు ఆర్సీలో నమోదు కావాలి. కిట్ మీ కారు మోడల్‌కు ఆమోదం పొందినదై ఉండాలి. బిగించిన కేంద్రానికి అధికారం ఉండాలి. ఆమోద పత్రం నకలు, సిలిండర్ పత్రం, బిగింపు ధ్రువపత్రం తీసుకొని ఆర్టీఏలో దరఖాస్తు చేసుకోవాలి. ఆ తర్వాత బీమా పాలసీలో కూడా కిట్ చేర్పించాలి. చేర్పించకుండా ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర మొదట అడిగేది ఇదే.

## నింపించుకునేటప్పుడు

గేజీ 200 చూపింది, పొద్దున చూస్తే 170 ఉంది. గ్యాస్ కారిపోయిందా, బంకువాళ్లు మోసం చేశారా?

చాలాసార్లు రెండూ కాదు. వేగంగా నింపేటప్పుడు సిలిండర్‌లో ముందుగా ఉన్న గ్యాస్ నలిగి వేడెక్కుతుంది. వేడి గ్యాస్ 200 చూపగానే యంత్రం ఆగిపోతుంది. రాత్రికి చల్లారాక ఒత్తిడి దిగుతుంది. సిలిండర్‌లోని గ్యాస్ బరువు మాత్రం తగ్గలేదు, బిల్లులోని కిలోలే అసలు లెక్క.

మరొక కారణం బంకు రకం. పైపులైన్ ఉన్నచోట కంప్రెసర్ నేరుగా నింపుతుంది. పైపులైన్ లేనిచోట లారీ మీద సిలిండర్ల వరుసను తెచ్చి పెడతారు, దాన్ని డాటర్ స్టేషన్ అంటారు. ముందు వచ్చిన వాహనాలు తీసుకునే కొద్దీ ఆ వరుసలో ఒత్తిడి పడిపోతుంది. లారీ వెళ్లే ముందు వచ్చినవారికి 150 బార్లే దక్కవచ్చు. ఆ లెక్కన 60 లీటర్ల సిలిండర్‌లో వేసవిలో ఆరు కిలోలే పడతాయి. కొత్త లారీ ఎప్పుడు వస్తుందో అడిగి ఆ తర్వాత వెళ్లడం మంచిది.

నిజంగా కారుతోందా అని తేల్చుకోవాలంటే చల్లారిన కారును పొద్దున ఒకసారి, కదపకుండా ఉంచి మరుసటి పొద్దున అదే సమయానికి ఒకసారి గేజీ చూడండి. రెండు ఉదయాల మధ్య ఒత్తిడి పడిపోతే జాయింట్లకు సబ్బు నీళ్లు పూసి చూడాలి.

ఎల్పీజీ ట్యాంకును 80 శాతం దగ్గరే ఎందుకు ఆపుతారు? బతిమాలితే ఇంకొంచెం పోయరా?

పోయకూడదు. ద్రవ ఎల్పీజీ ఎండకు ఉబ్బుతుంది. 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వెళ్తే దాని పరిమాణం ఏడెనిమిది శాతం పెరుగుతుంది. పైన ఆవిరికి చోటు లేకపోతే ద్రవమే గోడను నెడుతుంది, అప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే ట్యాంకు వాల్వులో తేలియాడే బెండు లాంటి పరికరం ఉండి 80 శాతం దగ్గర నింపడాన్ని ఆపేస్తుంది. మీ ట్యాంకులో అంతకు మించి లీటర్లు పడుతున్నాయంటే సంతోషించకండి, ఆ పరికరం పట్టేసిందని అర్థం.

ఇంటి గ్యాస్ బండను డిక్కీలో పెట్టి నడుపుతున్నవాళ్లు ఉన్నారు కదా?

ఉన్నారు, అది నేరం కూడా. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, వంటింటి సిలిండర్ నిలబెట్టి పైనుంచి ఆవిరి తీసుకోవడానికి చేసినది. పడుకోబెడితే ద్రవం నేరుగా వచ్చేస్తుంది. పైపు తెగితే ప్రవాహాన్ని తనంతట తాను ఆపే వాల్వు, 80 శాతం దగ్గర ఆపే పరికరం, ఆవిరిని కారు బయటికి పంపే మూత దానికి ఉండవు. గుద్దుకున్నప్పుడు కదలకుండా పట్టే బ్రాకెట్ కూడా ఉండదు.

## నడుపుతున్నప్పుడు

కారులో గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి?

తాళం తీసి ఇంజిన్ ఆపండి, ఫ్యాను, లైట్ల స్విచ్‌లు ముట్టుకోకండి, తలుపులూ డిక్కీ తెరవండి, తర్వాత పాత్ర మీది చేతి వాల్వును మూయండి. ఇక్కడివరకు రెండు ఇంధనాలకూ ఒకటే.

సీఎన్జీ గాలికంటే తేలిక కాబట్టి ఆరుబయట పైకి పోతుంది. కప్పు కింద మాత్రం చిక్కుకోగలదు. ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల బరువు. అది నేల మీద పాకి మురుగు కాలువల్లో, సెల్లార్లలో, వర్క్‌షాపు గుంటల్లో నిలుస్తుంది. గాలిలో రెండు శాతం చేరినా అంటుకోగలదు, మీథేన్‌కు ఐదు శాతం కావాలి. అందువల్ల ఎల్పీజీ కారు వాసన వేస్తుంటే సెల్లార్‌లోకి దింపకూడదు, వాసన పోయిందనిపించినా కింద వంగి అగ్గిపుల్ల గీయకూడదు.

గ్యాస్ మీద నడుస్తుంటే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. పెట్రోల్ మీద ఆరిపోతోంది. కిట్ మార్చాలా?

ముందు స్కానర్ పెట్టండి. ఎక్కువగా కనిపించేది P0171, అంటే మిశ్రమంలో ఇంధనం చాలడం లేదని. కొద్ది రోజుల క్రితం దేవరకొండ వైపు నుంచి ఒక సీఎన్జీ కారు ఇదే ఫిర్యాదుతో వచ్చింది. కారు కంప్యూటర్ మిశ్రమానికి చేసే సవరణ గ్యాస్ మీద ప్లస్ 22 శాతం చూపింది, పెట్రోల్ మీద రెండే. కాబట్టి తప్పు ఇంజిన్‌లో కాదు, గ్యాస్ వైపే ఉంది. నెమ్మదిగా నడిపితే సవరణ తగ్గి, యాక్సిలరేటర్ తొక్కితే పెరిగింది. ప్రవాహానికి ఎక్కడో అడ్డు ఉందని అది చెప్పింది. విప్పి చూస్తే ఇంజెక్టర్ల ముందున్న ఫిల్టర్ నల్లటి నూనెతో నిండి ఉంది. బంకు కంప్రెసర్ నూనె ఆవిరి గ్యాస్‌తో కలిసి రావడం కొత్త కాదు. చిన్న ఫిల్టర్ మార్చగానే సవరణ నాలుగుకు దిగింది. అంతకుముందు మరొక చోట ఆ యజమానికి రెడ్యూసర్ అమ్మజూపారు.

ఎల్పీజీలో అడ్డు ఇంకో రకంగా వస్తుంది. ఆవిరి కాని బరువైన మడ్డి రెడ్యూసర్ అడుగున, ఇంజెక్టర్ల సూదుల మీద పేరుకుంటుంది. రెడ్యూసర్ వేడిగా ఉండగా అడుగు బిరడా తీసి దించేయవచ్చు.

గ్యాస్ వల్ల వాల్వులు కాలిపోతాయంటారు. నిజమేనా?

సగం నిజం. పెట్రోల్ ద్రవంగా వచ్చి ఆవిరయ్యేటప్పుడు వాల్వులను కొంత చల్లబరుస్తుంది. గ్యాస్‌కు ఆ గుణం లేదు, సీఎన్జీకి అసలే లేదు. దానికి పలుచని మిశ్రమం తోడైతే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటు అరుగుతుంది, వాల్వు లోపలికి దిగి, వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకోక కాలుతుంది. ఉదయం స్టార్ట్ కావడానికి ఇబ్బంది, నిలబడి ఉన్నప్పుడు ఒక సిలిండర్ వదులుతున్నట్టు కుదుపు దీనికి మొదటి గుర్తులు. ట్యాపెట్లు చేత్తో సర్దే రకం ఇంజిన్‌కు 20 వేల కిలోమీటర్లకు ఒకసారి సందు కొలిపిస్తే సరిపోతుంది.

గ్యాస్ ఉంది కదా అని పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉంచవచ్చా?

ఉంచకూడదు. చాలా కార్లలో పెట్రోల్ పంపు ట్యాంకులోనే మునిగి ఉండి పెట్రోల్‌తోనే చల్లబడుతుంది. గ్యాస్ మీద నడుస్తున్నా కొన్నింటిలో అది తిరుగుతూనే ఉంటుంది. పావు ట్యాంకు ఉంచి, వారానికి పది పదిహేను కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి.

## పరీక్షల వేళ

హైడ్రో టెస్టు ఎప్పుడు చేయించాలి? సెకండ్ హ్యాండ్ కారులో సిలిండర్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

సీఎన్జీ సిలిండర్‌కు మూడేళ్లకు ఒకసారి, ఎల్పీజీ ట్యాంకుకు ఐదేళ్లకు ఒకసారి పరీక్ష ఉంటుంది. సీఎన్జీ సిలిండర్‌ను దింపి, వాల్వు తీసి, నీళ్లు నింపి, పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు మించి ఒత్తి, అది ఎంత ఉబ్బింది, ఒత్తిడి తీశాక ఎంతవరకు తిరిగి సర్దుకుంది అని కొలుస్తారు. గాలికి బదులు నీళ్లు వాడటానికి కారణం, సిలిండర్ పగిలినా నీళ్లు పేలవు. ఈ పరీక్ష చేసే కేంద్రానికి పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో అనుమతి ఉండాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు సిలిండర్ భుజం మీద చెక్కిన వరుస సంఖ్యను, తయారైన నెలా సంవత్సరాన్ని, చివరి పరీక్ష తేదీని చదివి పత్రంలోని సంఖ్యతో పోల్చండి. రంగు కొత్తగా ఉండి అంకెలు పూడుకుపోయి ఉంటే ఎవరో తిరిగి రంగు వేశారని గ్రహించి, గీకి చదివించుకోండి. బ్రాకెట్ పట్టీల కింద రబ్బరు లేకపోతే అక్కడ తుప్పు పట్టి ఉంటుంది, పట్టీలు వదులు చేయించి చూడాలి. గీత గోరుకు తగిలేంత లోతుగా ఉన్నా, వెల్డింగ్ మచ్చ కనిపించినా ఆ సిలిండర్ ధర బేరంలోకి తేకండి, దాన్ని పక్కన పెట్టించి కొత్త సిలిండర్ ఖర్చును కారు ధరలో తగ్గించుకోండి.